ట్రేలో కుళ్ళిన నారు, బస్తాలో కాసిన మొక్క: ఒకే మిశ్రమం, రెండు ఫలితాలు

మిద్దె మీద కొన్నేళ్ళుగా కూరగాయలు పండిస్తున్న ఒకావిడ నారు విషయంలో నన్ను పిలిచారు. ఆవిడ గ్రో బ్యాగుల్లో వాడేది సగం కోకోపీట్, సగం వర్మీకంపోస్ట్. ఆ బ్యాగుల్లో టమాటా, వంగ చక్కగా కాస్తున్నాయి. ఈసారి నారు కొనకుండా సొంతంగా పెంచుకుందామని, అదే మిశ్రమాన్ని 98 గడుల ట్రేల్లో నింపి టమాటా, మిరప విత్తనాలు వేశారు. టమాటా బాగానే మొలిచింది. మిరప అక్కడక్కడా మొలిచింది. అసలు ఆకులు తొంగిచూసే సమయానికి రెండూ ఆగిపోయాయి. టమాటా ఆకుల అడుగున ఊదారంగు తిరిగింది. కొన్ని మొలకలు మొదలు దగ్గర దారంలా సన్నబడి పక్కకి వాలిపోయాయి. గడుల పైన పచ్చటి నాచు కట్టింది, ట్రే కదిపితే చిన్న నల్ల ఈగలు లేస్తున్నాయి. నేను వెళ్ళేటప్పటికే ఆవిడ నారుకుళ్ళుకి మందు కూడా పోసి చూశారు.

"ఇదే మిశ్రమం బ్యాగుల్లో ఇంత బాగా పనిచేస్తోంది కదండీ, మరి ట్రేలో ఏమొచ్చింది దానికి?" అని అడిగారు. ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కోకోపీట్ మంచిదా, పెర్లైట్ మంచిదా, వర్మిక్యులైట్ మంచిదా అని చాలామంది విడిగా అడుగుతారు. ఎంత లోతున్న పాత్రలో వేస్తున్నామో చెప్పకుండా దానికి జవాబు చెప్పలేం.

ట్రేలో చూసినవి

ముందు ఒక గడిలోంచి మొక్కని మెల్లగా పైకి లాగాను. ఆ వయసు నారుకి వేర్లు గడంతా అల్లుకుని, మట్టి ముద్ద అచ్చులా బయటికి రావాలి. ఇక్కడ ముద్ద సగానికి విరిగింది. తెల్లటి వేర్లు పై సెంటీమీటరులోనే ఉన్నాయి. అంతకంటే కిందికి దిగిన వేర్ల కొసలు గోధుమరంగులోకి మారి మెత్తబడ్డాయి. కింది సగాన్ని వేళ్ళతో నొక్కితే నీళ్ళు కారాయి, ముందురోజు సాయంత్రం పోసిన నీళ్ళే అవి. వాసన కొద్దిగా పులిసినట్టు ఉంది.

రోగం సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడాలని దీంతోనే తేలిపోయింది. నారుకుళ్ళు తెచ్చే పిథియం లాంటి సూక్ష్మజీవులకి నీళ్ళు నిలిచిన చోటు కావాలి. ఆ చోటు అలాగే ఉంచి మందు పోస్తే, ఆ మందుతో పాటు మరికొన్ని నీళ్ళు పోసినట్టే అవుతుంది.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చెప్పాలి, ఆవిడకి కూడా అదే చూపించాను. పలకలా ఉండే స్పాంజిని నీళ్ళలో ముంచి, పడుకోబెట్టి అరచేతిలో పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు పిండకుండా దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారతాయి. స్పాంజి అదే, అందులోని రంధ్రాలూ అవే. మారింది ఎత్తు ఒక్కటే.

కుండీ మిశ్రమం కూడా ఇలాగే నడుచుకుంటుంది. నీళ్ళు పోసి, కారాల్సినవన్నీ కారాక కూడా పాత్ర అడుగున కొంత మందం పూర్తిగా తడిసిన పొర మిగిలిపోతుంది. సన్నటి రంధ్రాలు ఆ నీటిని పట్టుకుని ఉంటాయి, కిందికి లాగే బరువు చాలదు. ఆ పొర మందం మిశ్రమంలోని రేణువుల పరిమాణం మీద ఆధారపడుతుంది గానీ పాత్ర లోతు మీద కాదు. సన్నటి కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిసినప్పుడు అది నాలుగైదు సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. 30 సెంటీమీటర్ల లోతున్న బ్యాగులో అడుగున ఐదు సెంటీమీటర్లు తడిసి ఉంటే మొక్కకి ఏ ఇబ్బందీ లేదు, పైన పాతిక సెంటీమీటర్లు గాలి ఆడుతూనే ఉంటుంది. 98 గడుల ట్రేలో గడి లోతే సుమారు నాలుగు సెంటీమీటర్లు. అంటే గడి మొత్తం ఆ తడి పొరలోనే ఉంది.

కుండీ అడుగున గులకరాళ్ళో పెంకులో వేస్తే నీళ్ళు బాగా పోతాయనే నమ్మకం కూడా ఇక్కడే చెదిరిపోతుంది. రాళ్ళ మీద ఆ తడి పొర అంతే మందంతో కూర్చుంటుంది. వేర్లకి మిగిలిన లోతు మాత్రం తగ్గిపోతుంది.

రెండు కొలతలు

కంటితో చూసింది సరిపోదు కాబట్టి రెండు విషయాలు కొలిచాం. ఇవి ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు.

మొదటిది గాలి కొలత. నాలుగు సెంటీమీటర్ల ఎత్తుకి కత్తిరించిన 250 మిల్లీలీటర్ల పొట్టి డబ్బా ఒకటి, 25 సెంటీమీటర్ల ఎత్తున్న లీటరు సీసా ఒకటి తీసుకున్నాం. రెండింటికీ అడుగున రంధ్రాలు పెట్టి, వాటిని టేపుతో మూసేశాం. ట్రేలో నింపినట్టే, నొక్కకుండా మిశ్రమం నింపి, పై అంచుదాకా నీళ్ళు నిలిచేలా మెల్లగా పోసి కొన్ని గంటలు నాననిచ్చాం. తర్వాత టేపు తీసి, కారిన నీటిని పట్టి కొలిచాం. నీళ్ళు వదిలి వెళ్ళిన చోట్లోకి గాలి చేరుతుంది కాబట్టి, కారిన నీటిని పాత్ర పరిమాణంతో భాగిస్తే గాలి శాతం వచ్చేస్తుంది.

ఆవిడ మిశ్రమం ఎత్తైన సీసాలో 170 మిల్లీలీటర్లు వదిలింది, అంటే 17 శాతం. పొట్టి డబ్బాలో పది మిల్లీలీటర్లే కారింది, అంటే 4 శాతం. నారు వేర్లకి కనీసం పది శాతం చుట్టుపక్కల ఉండాలని నేను చూసుకుంటాను. ఒకే బకెట్లోంచి తీసిన మిశ్రమం ఎత్తు మారగానే ఇంత తేడా చూపించింది. ఆవిడ ప్రశ్నకి జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది.

రెండోది ఉప్పు కొలత. ఒక వంతు మిశ్రమానికి రెండు వంతుల నీళ్ళు కలిపి, అరగంట ఆగి, వడగట్టి ఈసీ మీటరు పెట్టాం. ఈ పద్ధతిలో చిన్న మొలకలకి 0.75 మిల్లీసీమెన్స్ లోపు ఉంటే హాయి. ఇక్కడ 1.8 వచ్చింది. ఎదిగిన టమాటా మొక్క దాన్ని తట్టుకోగలదు, మొలిచే మిరప విత్తనం తట్టుకోవడం కష్టం. మిరప అక్కడక్కడా మాత్రమే మొలవడంలో దీని వాటా ఉంది. ఈసీ మీటరు లేకపోయినా ఫర్వాలేదు. నీటి టీడీఎస్ చూసే చిన్న మీటరుతో కూడా ఈ పని జరుగుతుంది. అది ఈసీలో ఒక మిల్లీసీమెన్స్‌ని సుమారు 500గా చూపిస్తుంది, కొన్ని మీటర్లు 700గా చూపిస్తాయి కాబట్టి దాని పెట్టె మీద ఏ లెక్క రాసి ఉందో చూసుకోవాలి.

ఆ ఉప్పు ఎక్కడిది? కొంత వర్మీకంపోస్ట్‌ది, అది పోషకాలతో వచ్చే ఉప్పే. మిగిలింది కోకోపీట్‌ది. కొబ్బరి పీచు పొట్టులో పొటాషియం, సోడియం సహజంగానే ఎక్కువ. పీచుని ఉప్పునీటిలో నానబెట్టి తీసిన చోట ఇంకా ఎక్కువ. ఆవిడ కోకోపీట్ దిమ్మని ఒకసారి నీళ్ళలో విప్పి నేరుగా వాడేశారు. బ్యాగుల్లో రోజూ పోసే నీళ్ళు ఆ ఉప్పుని కొన్ని రోజుల్లో కడిగేస్తాయి, మొక్క కూడా పెద్దదే. ట్రేలో విత్తనం మొదటి రోజు నుంచే దాంట్లో కూర్చుంటుంది.

నాలుగు వరుసలు

నారు మళ్ళీ వేసేటప్పుడు ట్రేని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో మిశ్రమం నింపాం. కంపోస్ట్ కలిపింది పక్కన ఎలాగూ కనిపిస్తూనే ఉంది కాబట్టి, కొత్త వాటిలో దాన్ని పది వంతుల్లో ఒక వంతుకి తగ్గించి ఒక భాగంలోనే వేశాం. అన్నింటిలోనూ ఆధారం కోకోపీటే, కానీ ఈసారి కడిగిన కోకోపీట్.

కడగడం గురించి ఒక మాట. దిమ్మ విప్పి, నీళ్ళు వార్చి, మళ్ళీ పోసి వార్చడంతో విడిగా ఉన్న ఉప్పు పోతుంది. పీచు పొట్టు తన ఉపరితలానికి అంటించుకున్న సోడియం, పొటాషియం మాత్రం మామూలు నీటికి వదలవు. వాటిని కాల్షియం వచ్చి పక్కకి నెట్టాలి. అందుకని లీటరుకి ఐదు గ్రాముల చొప్పున కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు మామూలు నీళ్ళతో కడిగాం. ఇది చేయని కోకోపీట్ తర్వాత మనం ఇచ్చే కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తనే లాగేసుకుంటుంది. లేత ఆకులు ముడుచుకుని కొసలు కాలినట్టు కావడం, టమాటా కాయ అడుగు నల్లబడడం చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఒట్టి కోకోపీట్ వేసిన వరుస సమానంగా మొలిచింది, అడుగున తడి మాత్రం ఇంకా ఎక్కువే. దీనితో వచ్చే మరో చిక్కు ఏమిటంటే పైన ఆరిపోయి లేతరంగులోకి తిరుగుతుంది, కింద నీళ్ళు నిలిచే ఉంటాయి. పైరంగు చూసి నీళ్ళు పోసేవాళ్ళు రోజూ మొక్కని ముంచుతారు. ట్రేని చేత్తో ఎత్తి బరువు చూడడం నేర్చుకుంటే ఈ పొరపాటు జరగదు.

మూడు వంతుల కోకోపీట్‌కి ఒక వంతు వర్మిక్యులైట్ కలిపిన వరుస అన్నిటికంటే ముందు మొలిచింది. వర్మిక్యులైట్ అభ్రకం లాంటి ఖనిజం. బాగా వేడిచేస్తే పొరల మధ్య నీరు ఆవిరై అది విచ్చుకుంటుంది. ఆ పొరల్లో నీళ్ళతో పాటు పోషకాలనూ పట్టుకోగలదు, కాస్త పొటాషియం, మెగ్నీషియం తనూ ఇస్తుంది. విత్తనం చుట్టూ తడి ఆరకుండా ఉంచడంలో దానికి సాటి లేదు. ఎండ ఉన్నన్నాళ్ళూ ఆ వరుస కళకళలాడింది. మబ్బు పట్టిన రోజులు రాగానే అడుగు తడి అలాగే ఉండిపోయి వేర్ల కొసలు మళ్ళీ రంగు మారాయి. నీళ్ళు పట్టుకునే పదార్థానికి నీళ్ళు పట్టుకునే పదార్థాన్నే తోడిస్తే జరిగేది ఇదే.

పెర్లైట్ కలిపిన వరుసలో వేర్లు అన్నిటికంటే బాగున్నాయి. ఇది అగ్నిపర్వతపు గాజు. వేడికి లోపలి నీరు ఆవిరై పేలాల్లా ఉబ్బుతుంది. పోషకాన్ని పట్టుకోదు, ఇవ్వదు, నీటిని పైపైన మాత్రం అంటించుకుంటుంది. దాని పని పెద్ద ఖాళీలు తెరవడం. ఇందులోనూ కోకోపీట్ మూడు, పెర్లైట్ ఒకటి. ముతక రకం, శనగగింజలో సగం ఉండేది. సన్నటి పొడి పెర్లైట్ అయితే ఖాళీలు తెరవకపోగా ఉన్నవాటిని పూడుస్తుంది. కొద్దిగా చల్లితే కూడా లాభం ఉండదు. పది శాతం వేసినప్పుడు కోకోపీట్ దాని చుట్టూ సర్దుకుపోతుంది, గింజలు ఒకదానికొకటి తగిలేంత మోతాదు పడితేనే వాటి మధ్య దారులు తెరుచుకుంటాయి. ఈ మిశ్రమాన్ని పొట్టి డబ్బాలో కొలిస్తే 28 మిల్లీలీటర్లు కారింది, 11 శాతం గాలి. లోపం పైభాగంలో కనిపించింది. మధ్యాహ్నానికి పై అర సెంటీమీటరు ఎండిపోయి, కొన్ని మిరప మొలకలకి విత్తనం తొడుగు తలమీదే బిగుసుకుపోయింది.

పది వంతుల్లో ఒక వంతు కంపోస్ట్ వేసిన వరుసలో మొలకలు ఆగిపోలేదు, రంగు బాగుంది. ఉప్పు కూడా హద్దులోనే ఉంది. నల్ల ఈగలు మాత్రం ఆ వరుస మీదే కనిపించాయి. వాటి పురుగులు కుళ్ళే పదార్థాన్నీ, శిలీంధ్రాన్నీ తిని, అది చాలనప్పుడు లేత వేర్లనీ కొరుకుతాయి.

ఇదంతా చూశాక మేం స్థిరపడిన పద్ధతి ఇది. గడి లోపల కోకోపీట్ మూడు, ముతక పెర్లైట్ ఒకటి. విత్తనం పెట్టాక పైన నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఒట్టి వర్మిక్యులైట్. ఆ పలచటి పొర విత్తనం తొడుగుని తడిగా ఉంచుతుంది, మొలక దాన్ని సులువుగా పైకి తోసుకుంటుంది, నాచు కూడా పెద్దగా పట్టదు. అడుగున నీళ్ళు నిలిచే చోట వర్మిక్యులైట్‌తో పని లేదు. కంపోస్ట్ ట్రేలో వద్దనుకున్నాం. బీజదళాల్లో దాచుకున్న తిండితో మొక్క మొదటి అసలు ఆకుదాకా వచ్చేస్తుంది. అక్కడి నుంచి లీటరుకి అర గ్రాము 19:19:19 ఎరువు కలిపిన నీళ్ళు రెండు మూడు రోజులకోసారి సరిపోయాయి. నీటి ఎరువులు వాడనివాళ్ళు బాగా మగ్గిన వర్మీకంపోస్ట్‌ని జల్లించి పదో వంతు కలుపుకోవచ్చు, ఈగలకి పసుపు జిగురు అట్టలు పెట్టుకోవాలి.

వర్షానికో, పొరపాటుగానో ట్రే నీళ్ళతో నిండిపోతే దాన్ని మడత పెట్టిన పొడి గుడ్డ మీద పది నిమిషాలు పెట్టండి. గడి రంధ్రాలకి గుడ్డ తగిలి, నిలిచిన నీళ్ళని కిందికి లాగేస్తుంది. తడి పొరకి కావలసిన ఎత్తుని గుడ్డ ఇచ్చినట్టవుతుంది.

బ్యాగుల్లోకి మారాక

నారు బాగా వచ్చింది కదా అని ఆవిడ అదే మూడుకొకటి మిశ్రమం కొన్ని బ్యాగుల్లో నింపుదామన్నారు. పోల్చి చూద్దామని కొన్నిటిలో అది, కొన్నిటిలో పాత సగం సగం మిశ్రమం, కొన్నిటిలో రెండింటికీ మధ్యది నింపాం. ఎండ ముదిరేసరికి పెర్లైట్ మిశ్రమం ఉన్న బ్యాగుల్లో టమాటా మధ్యాహ్నం తలలు వాల్చింది. లోతైన పాత్రలో గాలి ఎలాగూ ఉంది. అక్కడ కొరత నీటికీ తిండికీ. వాటిని పట్టుకోని పదార్థాన్ని పాతిక శాతం వేస్తే ప్రతి లోటునీ మనమే పూడ్చాలి.

మధ్యేమార్గంగా నింపినవి నిలకడగా పెరిగాయి. కోకోపీట్ రెండు వంతులు, కంపోస్ట్ రెండు వంతులు, ముతక పెర్లైట్ ఒక వంతు. అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న గుండ్రటి బ్యాగులో సుమారు 20 లీటర్లు పడుతుంది. అంటే ఎనిమిది, ఎనిమిది, నాలుగు లీటర్లు. ఐదు కిలోల దిమ్మ విప్పితే 65 లీటర్ల చుట్టుపక్కల వస్తుంది కాబట్టి ఒక దిమ్మ ఎనిమిది బ్యాగులకి సరిపోతుంది. పెర్లైట్ పొడి ఊపిరిలోకి పోకుండా సంచిలోనే నీళ్ళు చిలకరించి, తడిసాకే కలపాలి. వర్మిక్యులైట్ ఈ మిశ్రమంలోకి రాలేదు. తడిగా ఉన్నప్పుడు పైబరువుకీ, కలియబెట్టడానికీ దాని పొరలు నలిగి అతుక్కుపోతాయి, ఒక పంట తిరిగేసరికి అది జిగురు ముద్దలా మారుతుంది. నారు ట్రేలో దాని ఆయుష్షు కొద్ది వారాలే కావాలి కాబట్టి అక్కడ ఈ లోపం బయటపడదు.

కంపోస్ట్ మగ్గిందో లేదో చూసుకోవడం ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే పరిమాణంలో అది ఐదింట రెండు వంతులు. తడిపిన కంపోస్ట్‌ని కవర్లో మూతిబిగించి మూడు రోజులు నీడలో ఉంచి విప్పితే అడవి మట్టి వాసన రావాలి. పులుపో, అమ్మోనియా ఘాటో వస్తే ఇంకా మగ్గాలి. దాంతోపాటు ఒక గిన్నెలో ముల్లంగి గింజలు వేసి చూశాం. అవి త్వరగా మొలుస్తాయి, పచ్చి కంపోస్ట్‌ని వేరు కొస నల్లబడడంతో పట్టిచ్చేస్తాయి.

నాటిన మొదటి వారంలో ఒక సంగతి జరిగింది. బ్యాగు తడిగానే ఉంది, మొక్కలు మాత్రం వాడుతున్నాయి. ఆవిడ ఇంకా నీళ్ళు పోద్దామన్నారు. ఒక మొక్క మొదట్లో వేలు పెట్టి చూస్తే నారు ముద్ద పొడిగా ఉంది, దాని చుట్టూ మిశ్రమం తడిగా ఉంది. నారు ముద్దలో రంధ్రాలు పెద్దవి, బ్యాగులోవి సన్నవి. సన్నటి రంధ్రాలు నీటిని గట్టిగా లాగుతాయి కాబట్టి ముద్దలోని తడి బయటికి పోతుంది, తిరిగి లోపలికి రాదు. వేర్లు బయటికి పాకేదాకా, అంటే వారం పది రోజులు, చిన్న చెంబుతో సరిగ్గా మొదట్లోనే కొద్దికొద్దిగా నీళ్ళు పోయించాను. మొక్కలు తేరుకున్నాయి. ఆ ముద్ద పైఅంచు గాలికి తెరిచి ఉండకుండా బ్యాగు మిశ్రమంతో ఒక పొర కప్పడం కూడా సాయం చేసింది.

పంట చివరికి అన్ని బ్యాగుల్లోనూ మట్టం కిందికి దిగింది, సగం సగం నింపినవాటిలో ఎక్కువగా. కంపోస్ట్ ఇంకా కుళ్ళుతూనే ఉంటుంది, కుళ్ళిన మేరకి తగ్గుతుంది, మిగిలిన సన్నటి రేణువులు ఖాళీల్లోకి జారతాయి. మట్టం దిగినప్పుడు గాలి కూడా తగ్గిందని లెక్క. ఆవిడ దిగిన మేరకి ఒట్టి కంపోస్ట్ పోస్తూ వచ్చేవారు. అలా రెండు మూడు పంటలు గడిస్తే బ్యాగు అడుగు ట్రే గడిలాగే తయారవుతుంది. ఇప్పుడు పంట అయ్యాక బ్యాగు బోర్లించి, వేర్లు ఏరి, పాతదానికి నాలుగో వంతు కొత్త కంపోస్ట్, కాస్త ముతక పెర్లైట్ కలిపి మళ్ళీ నింపుతున్నారు. పెర్లైట్ విరగకపోతే పంట తర్వాత పంటకి పనికొస్తుంది, పైకి తేలినదాన్ని మళ్ళీ కలిపేస్తే చాలు. అంచుల్లో తెల్లటి ఉప్పు పేరుకుంటే నింపాక బ్యాగు పరిమాణమంత నీళ్ళు ఒకేసారి పోసి అడుగునుంచి కారనిస్తున్నారు.

ఈ పాళ్ళు ఎండ బాగా తగిలే మిద్దెకి, నాలుగు సెంటీమీటర్ల గడులకి కుదిరినవి. నీడవల కింద పెంచేవాళ్ళకి బ్యాగులో పెర్లైట్ ఇంకొంచెం ఎక్కువైనా మొక్క వాడిపోదు. 50 గడుల లోతు ట్రే వాడేవాళ్ళకి కోకోపీట్ నాలుగు, పెర్లైట్ ఒకటి కూడా చాలవచ్చు. అందుకే ఎవరైనా పాళ్ళు అడిగితే ముందు వాళ్ళ గడి ఎత్తుకి ఒక డబ్బా కత్తిరించి, కారిన నీళ్ళు కొలిచి చెప్పమంటున్నాను.